సింక్ అయ్యాక వాచ్ గంటన్నర ముందు చూపిస్తోంది, ఫోన్ టైమ్ మాత్రం కరెక్టే

సుధారాణి_కె:
అందరికీ నమస్కారం. నా స్మార్ట్‌వాచ్‌తో వేగలేకపోతున్నాను. ఫోన్‌లో టైమ్ కరెక్ట్‌గానే ఉంది, గోడ గడియారంతో పోల్చి చూశాను, నిమిషం కూడా తేడా లేదు. వాచ్ మాత్రం ఉన్నట్టుండి గంటన్నర ముందుకు పోతోంది. ఇది రాస్తున్నప్పుడు ఫోన్‌లో రాత్రి 7:40, వాచ్‌లో 9:10.

విచిత్రం ఏంటంటే రోజంతా తప్పు చూపించదు. బయట తిరుగుతున్నంతసేపు ఫోన్‌తో సమానంగానే ఉంటుంది. ఇంటికొచ్చాక యాప్ తెరిచి సింక్ చేసినా, ఛార్జింగ్‌కి పెట్టినప్పుడు దానంతటదే సింక్ అయినా, టైమ్ మారిపోతుంది. రీస్టార్ట్ చేశాను, యాప్ తీసేసి మళ్లీ వేశాను. కాసేపు బాగుంటుంది, మళ్లీ మామూలే. పొద్దున 5 గంటలకి వాచ్‌లో అలారం పెట్టుకుంటాను, అది మూడున్నరకే చేతి మీద గిలగిల కొట్టుకుంటోంది.

ఫోన్ ఆండ్రాయిడ్. వాచ్‌లో వైఫై, జీపీఎస్ ఉన్నాయి, సిమ్ లేదు. ఈమధ్యే వేరే దేశానికి మారాం, ఈ గొడవ అప్పటినుంచే. వాచ్ పాడైందంటారా? వారంటీ ఇంకా ఉంది.

చింటూ007:
వాచ్‌కి సొంత టైమ్ అంటూ ఏమీ ఉండదండీ. ఫోన్ ఏది పంపితే అదే చూపిస్తుంది. ఫోన్ కరెక్ట్‌గా ఉండి వాచ్ తప్పుగా ఉందంటే తేడా వాచ్‌లోనే. అన్‌పెయిర్ చేసి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, కొత్తగా పెయిర్ చేయండి. అప్పటికీ పోకపోతే వారంటీలో ఇచ్చేయండి. సింపుల్.

నిశాచరి:
హమ్మయ్య, నాకొక్కదానికే అనుకున్నాను! నాదీ ఇదే సమస్య. యాపిల్ వాచ్, ఫోన్ కంటే ఏడు నిమిషాలు ముందు. ఎన్నిసార్లు సింక్ అయినా ఆ ఏడు నిమిషాలు అలాగే ఉంటాయి. మా ఇంట్లో పిల్లలు ఏదో నొక్కినప్పటినుంచి ఇలా ఉంది.

పాత రేడియో:
నిశాచరి గారూ, మీది వేరే కథ. వాచ్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి Clock తెరవండి, అక్కడ +7 min అని ఉంటుంది. ఎక్కడికైనా ఆలస్యంగా వెళ్లే అలవాటున్నవాళ్ల కోసం గడియారాన్ని కావాలని ముందుకు జరుపుకునే సదుపాయం అది, 59 నిమిషాల దాకా జరుపుకోవచ్చు. ముల్లు మాత్రమే ముందుకు పోతుంది, అలారాలు, నోటిఫికేషన్లు అసలు టైమ్‌కే వస్తాయి. సున్నా చేసేయండి.

సుధారాణి గారూ, రీసెట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. రెండు విషయాలు చెప్పండి. తేడా సరిగ్గా గంటన్నరేనా, లేక ఒక రోజు 88 నిమిషాలు, ఇంకో రోజు 93 నిమిషాలు అన్నట్టు ఉంటోందా? రెండోది, ఇదివరకు మీరున్నచోట టైమ్ GMTకి ఎంత ముందు, ఇప్పుడున్నచోట ఎంత ముందు? ఊళ్ల పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు.

నిశాచరి:
అయ్యో, నిజంగానే +7 min అని ఉంది. ఇన్నాళ్లూ అందరికంటే ముందు వచ్చి కూర్చునేది నేనే! తీసేయాలా వద్దా అని ఆలోచిస్తున్నా ఇప్పుడు.

సుధారాణి_కె:
సరిగ్గా గంటన్నరే అండి. నిమిషాల ముల్లు చూస్తే ఎప్పుడూ 30 తేడా, సెకన్లు కూడా దాదాపు కలుస్తాయి. పాత చోట GMT+05:30, ఇక్కడ GMT+04:00.

రాస్తుంటేనే తట్టింది. తేడా గంటన్నరే కదా! అంటే వాచ్ మా పాత టైమ్ చూపిస్తోందా? ఇప్పుడే అమ్మతో మాట్లాడాను, అక్కడ టైమ్ అచ్చంగా వాచ్‌లో ఉన్నంతే.

పాత రేడియో:
అదే. వాచ్ లోపలి గడియారం దెబ్బతింటే తేడా ఇంత గుండ్రంగా ఉండదు. ఈ వాచీలన్నిట్లో టైమ్‌ని లెక్కపెట్టేది చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. నెల రోజులు సింక్ చేయకుండా వదిలేసినా అది తప్పేది నిమిషం లోపే. గంట, అరగంట, ముప్పావుగంట లెక్కన సరిగ్గా తేడా వస్తే టైమ్ జోన్‌ని అనుమానించాలి, సెకన్లు కలుస్తుంటే ఇక వేరే అనుమానం అక్కర్లేదు.

కాబట్టి వాచ్‌కి ప్రస్తుతం ఉన్న జోన్ మీ పాత జోన్. సిమ్ లేని వాచ్ జోన్‌ని మామూలుగా ఫోన్ నుంచే తీసుకుంటుంది. ఇక్కడే నాకు మీ ఫోన్ మీద అనుమానం.

చింటూ007:
సార్, ఫోన్‌లో పాత జోన్ ఉంటే ఫోన్ కూడా 9:10 చూపించాలి కదా? ఫోన్ 7:40 చూపిస్తోంది, అది కరెక్ట్ టైమ్ అని ఆవిడే చెప్తున్నారు. లాజిక్ కలవట్లేదు.

పాత రేడియో:
మంచి ప్రశ్న. కలవడానికి ఒకే ఒక్క దారి ఉంది. ఫోన్‌లో రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి.

ఫోన్ లోపల దాచుకునేది 7:40 అనే అంకె కాదు. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్క ఉంటుంది, అది ప్రపంచమంతటికీ ఒకటే, అంటే UTC. దానికి జోన్ తేడా కలిపి తెర మీద చూపిస్తుంది. ఇప్పుడు జోన్ +05:30 అనే పాతదే ఉండి, లోపలి UTC గంటన్నర వెనక్కి ఉంటే, కూడికలో వచ్చేది సరైన 7:40. తెర చూసి పట్టుకోవడం కష్టం.

ఊహ సరైందో కాదో ఇలా తేల్చుకోవచ్చు. ఫోన్‌లోని క్లాక్ యాప్ తెరిచి, వరల్డ్ క్లాక్‌లో అక్రా గానీ రెయిక్యావిక్ గానీ కలపండి. ఆ రెండూ ఏడాది పొడుగునా UTC మీదే ఉంటాయి, ఎండాకాలంలో గడియారాన్ని గంట ముందుకు జరిపే మార్పులు లేవు. మీరున్నచోటికి, దానికి తేడా 4 గంటలు ఉండాలి. ఐదున్నర గంటలు చూపిస్తే నా అనుమానం నిజం.

దారిన పోయేవాడు:
దీనికి సంబంధించినదే, నాదొక గొడవ. మేముండేది సరిహద్దుకి దగ్గర్లో. వాచ్, ఫోన్ రెండూ కలిసే ఒక గంట వెనక్కి వెళ్తాయి, మళ్లీ వాటంతటవే వస్తాయి. మేడ మీద గదిలో ఉన్నప్పుడు ఎక్కువ. ఇది కూడా ఫోన్ సెట్టింగేనా?

పాత రేడియో:
అదీ చూద్దాం, ముందు ఆవిడది తేలనివ్వండి.

సుధారాణి_కె:
పెట్టి చూశాను. నా ఫోన్‌లో 8:25, అక్రా 2:55 చూపిస్తోంది. అంటే ఐదున్నర గంటలు! అక్కడ నిజానికి 4:25 ఉండాలి కదా. వాచ్‌లో ఇప్పుడు 9:55.

ఇంకో సంగతి. దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. చాట్‌లో ఎవరైనా పంపిన మెసేజ్‌ల పక్కన గంటన్నర తర్వాతి టైమ్ పడుతోంది. సాయంత్రం ఆరింటికి వచ్చిన మెసేజ్ మీద ఏడున్నర అని ఉంటుంది. వాళ్ల ఫోన్లో ఏదో తేడా ఉందనుకుని పట్టించుకోలేదు. లాగిన్ అవ్వడానికి ఆరంకెల కోడ్ ఇచ్చే యాప్ ఒకటుంది, దాని కోడ్‌లు కూడా ఇక్కడికొచ్చాక పనిచేయట్లేదు, తప్పు కోడ్ అంటోంది.

పాత రేడియో:
సంబంధం లేకేం, రెండూ దీని పిల్లలే. చాట్ మెసేజ్ మీద ముద్ర పడేది సర్వర్ టైమ్‌తో, ఆ UTC సరైనదే. మీ ఫోన్ దానికి +05:30 కలిపి చూపిస్తోంది కాబట్టి పాత ఊరి టైమ్ వస్తోంది. ఆ కోడ్‌ల యాప్ మామూలుగా ప్రతి 30 సెకన్లకీ ఫోన్ లోపలి UTCని బట్టి కొత్త కోడ్ తయారుచేస్తుంది. మీ ఫోన్ చూపించే కోడ్ గంటన్నర కిందటిది, ఎందుకు ఒప్పుకుంటారు?

వాచ్ బయట బాగుండి ఇంట్లో తప్పడానికి కారణం కూడా దీన్నుంచే ఊహించొచ్చు. బయట ఉన్నప్పుడు వాచ్‌కి బ్లూటూత్ ఒక్కటే దిక్కు. ఫోన్ తన UTC, తన జోన్ రెండూ పంపుతుంది. రెండు తప్పులూ కలిసి వస్తాయి కాబట్టి వాచ్‌లోనూ 7:40 వస్తుంది. ఇంట్లో వాచ్‌కి వైఫై దొరుకుతుంది. అప్పుడు UTCని ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్ నుంచి సొంతంగా తెచ్చుకుంటుంది, అది సరైనది. జోన్ మాత్రం ఫోన్ దగ్గర్నుంచే. మీరు మొదట రాసిన లెక్కే తీసుకోండి. అసలు UTC 15:40, దానికి ఐదున్నర కలిపితే 21:10. అదే మీ 9:10. ఒక తప్పు సరిచేసుకుని ఇంకోటి ఉంచుకోవడం వల్ల వాచ్ బయటపడింది. చిత్రం ఏంటంటే ఇందులో నిజం పాలు ఎక్కువున్నది వాచ్‌లోనే.

ఒకటి చెప్పండి, ఇక్కడికి వచ్చిన రోజు ఫోన్‌లో టైమ్‌ని చేత్తో మార్చారా?

సుధారాణి_కె:
మార్చాను. విమానం దిగాక ఫోన్ పాత టైమే చూపిస్తూ ఉంది. రోమింగ్ వేయించుకోలేదు, బస చేసిన చోట వైఫై మాత్రమే వాడాను. రాత్రంతా వైఫైలో ఉన్నా టైమ్ మారలేదు. ఆటోమేటిక్ పనిచేయట్లేదనుకుని దాన్ని ఆపేసి, గంటలు నిమిషాలు నేనే వెనక్కి తిప్పుకున్నాను. తర్వాత ఇక్కడి సిమ్ వేసుకున్నాం. టైమ్ కరెక్ట్‌గానే ఉంది కదా అని మళ్లీ ఆ సెట్టింగ్ వైపు చూడలేదు.

వైఫై ఉన్నప్పుడు ఆటోమేటిక్‌గా ఎందుకు మారలేదు మరి? ఇంటర్నెట్ ఉంటే చాలు అనుకుంటాం కదా.

పాత రేడియో:
చాలామంది అనుకునేది అదే. ఇంటర్నెట్ టైమ్ సర్వర్ చెప్పేది UTC ఒక్కటే. మీరు ఎక్కడున్నారో దానికి తెలియదు, జోన్ అనే మాటే ఆ సమాధానంలో ఉండదు. జోన్ చెప్పేది మొబైల్ నెట్‌వర్క్. ఫోన్ ఒక నెట్‌వర్క్‌లో నమోదైనప్పుడు మామూలుగా ఆ నెట్‌వర్క్ స్థానిక జోన్‌ని పంపుతుంది. కొన్ని కంపెనీలు సరిగ్గా పంపవు, అప్పుడు ఆండ్రాయిడ్ నెట్‌వర్క్ దేశం కోడ్ చూసి, ఆ దేశమంతటా ఒకే టైమ్ ఉంటే అదే పెట్టేసుకుంటుంది. సిగ్నల్‌ లేకుండా వైఫైతోనే ఉన్న ఆ రాత్రి మీ ఫోన్‌కి UTC కచ్చితంగా తెలుసు, తాను ఏ దేశంలో ఉందో తెలియదు. కొత్త ఆండ్రాయిడ్‌లలో, అంటే 12 నుంచి, లొకేషన్‌ని బట్టి జోన్ పెట్టుకునే సెట్టింగ్ కూడా వచ్చింది, అది మీ దాంట్లో ఆఫ్‌లో ఉండి ఉంటుంది.

అప్పుడు మార్చాల్సింది జోన్. మారింది గంట. ఆ సెట్టింగ్స్ పేజీలో టైమ్ పైన, జోన్ కింద ఉంటాయి, ఎవరి చెయ్యయినా ముందు టైమ్ మీదికే పోతుంది.

చింటూ007:
ఓకే, ఇప్పుడు క్లియర్ అయింది. నేను చెప్పింది మామూలు ఫిట్‌నెస్ బ్యాండ్‌లకి కరెక్టే కదా సార్? నా బ్యాండ్‌కి వైఫై లేదు, ఫోన్ టైమ్‌ని చేత్తో మార్చి చూశా, బ్యాండ్ కూడా అలాగే మారింది.

పాత రేడియో:
బ్యాండ్‌లకి కరెక్టే. వైఫై, సిమ్, జీపీఎస్ ఏదీ లేని పరికరానికి ఫోన్ తప్ప గతి లేదు. జీపీఎస్ ఒక్కటి ఉన్నా లెక్క మారుతుంది, ఉపగ్రహాల నుంచి కూడా UTC వస్తుంది. కొన్ని వాచీలు వాకింగ్‌కి జీపీఎస్ వేయగానే టైమ్ సరిచేసుకుంటాయి, కాబట్టి ఇదే సమస్య ఇంకొకరికి వాకింగ్ అయ్యాక బయటపడొచ్చు.

కంప్యూటర్‌కి ఫోన్ తగిలించి చూసే అలవాటున్నవాళ్లకి:

```
adb shell settings get global auto_time
adb shell settings get global auto_time_zone
adb shell date -u
```

మొదటి రెండూ 1 అయితే ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉన్నట్టు, 0 అయితే ఆఫ్. మూడోది ఫోన్ నమ్ముతున్న UTC. దాన్ని వేరే నమ్మకమైన గడియారంతో పోల్చాలి.

సుధారాణి గారూ, ఇప్పుడు సరిచేద్దాం. సెట్టింగ్స్‌లో Date & time తెరవండి. Set time automatically ఆన్ చేయండి, తర్వాత Set time zone automatically. కొన్ని ఫోన్లలో రెండిటికీ కలిపి Automatic date and time అని ఒకటే ఉంటుంది.

సుధారాణి_కె:
అయ్యయ్యో, మొదటిది ఆన్ చేయగానే ఫోన్ కూడా గంటన్నర ముందుకెళ్లిపోయింది! ఇప్పుడు రెండూ తప్పే. వెనక్కి తిప్పేయనా?

పాత రేడియో:
టెన్షన్ పడకండి, ముట్టుకోకండి. ఒక తప్పు పోయింది, ఇంకోటి మిగిలింది. ఇప్పుడు ఫోన్, వాచ్ ఒకే మాట మీద ఉన్నాయంటే UTC సరైందన్నమాట. రెండో సెట్టింగ్ ఆన్ చేసి, ఏరోప్లేన్ మోడ్ ఒకసారి వేసి తీసేయండి. ఫోన్ మళ్లీ నెట్‌వర్క్‌లో నమోదవుతుంది, జోన్ అప్పుడే రావాలి. ఒకటి రెండు నిమిషాలు ఆగండి. రాకపోతే జోన్‌ని చేత్తో GMT+04:00కి పెట్టండి. జోన్‌ని మాత్రమే, గంటలు కాదు.

సుధారాణి_కె:
వచ్చింది! GMT+04:00 దానంతటదే పడింది, ఫోన్ టైమ్ కరెక్ట్ అయింది. అక్రాకి నాలుగు గంటల తేడా చూపిస్తోంది. కోడ్‌ల యాప్ కూడా పనిచేసింది, ఇంతకాలం బ్యాకప్ కోడ్‌లతో నెట్టుకొస్తున్నాను.

వాచ్ మాత్రం ఇంకా పాత టైమే. యాప్‌లో సింక్ నొక్కినా అంతే.

పాత రేడియో:
కొన్ని యాప్‌లు జోన్ మారిందని వెంటనే వాచ్‌కి చెప్పవు, మళ్లీ కనెక్ట్ అయినప్పుడే చెప్తాయి. ఫోన్‌లో బ్లూటూత్ ఆపి, అరనిమిషం ఆగి, మళ్లీ వేయండి. యాప్‌లో మీ ప్రొఫైల్ పేజీలో విడిగా టైమ్ జోన్ సెట్టింగ్ ఉందేమో కూడా చూడండి. కొన్నిట్లో అకౌంట్‌కి సొంత జోన్ ఉంటుంది, ఫోన్ ఏం చెప్పినా వినదు.

సుధారాణి_కె:
బ్లూటూత్ ఆపి వేయగానే సరిపోయింది. వైఫైలో సింక్ చేశాను, ఛార్జింగ్‌లో పెట్టి కూడా చూశాను, టైమ్ కదల్లేదు. చాలా థ్యాంక్స్ అండి.

ఒక చిన్న అనుమానం. యాప్‌లో పోయిన వారాల గ్రాఫ్‌లు గందరగోళంగా ఉన్నాయి. ప్రతి సాయంత్రం ఒక గంటన్నర ఖాళీ. పొద్దున బయటికి వెళ్లే వేళ అడుగులన్నీ ఒకదాని మీద ఒకటి పడినట్టు చాలా ఎక్కువగా ఉన్నాయి. ఇవి కూడా సరి అవుతాయా?

పాత రేడియో:
అవవనే అనుకుంటాను. సాయంత్రం ఇంటికొచ్చి వైఫై అందుకోగానే వాచ్ గడియారం గంటన్నర ముందుకు గెంతింది, ఆ మధ్యకాలం దాని దృష్టిలో జరగనే లేదు, అందుకే ఖాళీ. పొద్దున బయటికెళ్లాక ఫోన్ టైమ్‌కి వెనక్కి వచ్చింది, అదే గంటన్నర రెండుసార్లు నడిచింది, అందుకే పోగుపడింది. నమోదు చేసిన క్షణంలో పడ్డ ముద్ర ఇప్పుడు మారదు. రోజు మొత్తం అడుగులు దాదాపు సరిగానే ఉంటాయి, గంటలవారీ లెక్కని, నిద్ర లెక్కని నమ్మకండి.

అలారం ఒకసారి తీసేసి మళ్లీ పెట్టుకోండి. చాలావరకు అవసరం పడదు, కానీ మూడున్నరకి లేచే ఓపిక మీకింక ఉండదు కదా.

దారిన పోయేవాడు:
ఇప్పుడు నా వంతా?

పాత రేడియో:
మీది తేలిక. మేడ మీదికి అవతలి దేశం టవర్ సిగ్నల్ బలంగా అందుతోంది. ఫోన్ దానిమీదికి వెళ్లినప్పుడల్లా ఆ దేశం జోన్ వస్తుంది, వాచ్ ఫోన్ వెనకే పోతుంది. Set time zone automatically ఒక్కటి ఆపేసి, జోన్ చేత్తో పెట్టండి. Set time automatically మాత్రం ఆన్‌లోనే ఉంచండి.

చింటూ007:
లేదా లొకేషన్‌తో జోన్ పెట్టుకునే ఆప్షన్ ఆన్ చేయొచ్చు కదా సార్? అప్పుడు టవర్ ఏదైనా పర్లేదు. ప్రయాణాల్లో చేత్తో మార్చుకునే పని కూడా ఉండదు.

పాత రేడియో:
ఆ ఆప్షన్ ఉన్న ఫోన్ అయితే అదే మంచిది.

దారిన పోయేవాడు:
ఆ ఆప్షన్ ఉంది, వేశాను. నిన్నటినుంచి మేడ మీదే కూర్చున్నా, ఇంకా గెంతలేదు. మా ఆవిడది ఐఫోన్, అందులో Set Automatically బూడిద రంగులో ఉండి కదలట్లేదు.

నిశాచరి:
Screen Time పాస్‌కోడ్ పెట్టారేమో చూడండి. మా పిల్లల ఫోన్‌లో అది పెట్టినప్పుడు ఇలాగే బిగుసుకుపోయింది. ఆఫీసు వాళ్లు ఇచ్చిన ఫోన్ అయితే మాత్రం వాళ్లే తీయాలి.

లక్ష్మీపతి:
ఈ చర్చంతా చదివాను, నా సమస్య దేనికీ సరిపోలేదు. మేముండేది మెక్సికోలో. ఇక్కడ ఎండాకాలం గడియారం ముందుకు జరపడం 2022లోనే ఎత్తేశారు. ఫోన్ కరెక్ట్‌గా ఉంటుంది. రెండు సెట్టింగ్‌లూ ఆన్‌లో ఉన్నాయి, అక్రా పరీక్ష కూడా పెట్టాను, ఆరు గంటల తేడా, సరిపోయింది. వాచ్ పాతది, వైఫై లేదు, జీపీఎస్ లేదు. ఏప్రిల్ వచ్చిందంటే సింక్ అయిన ప్రతిసారీ ఒక గంట ముందుకు పోతుంది. చింటూ గారి లెక్క ప్రకారం ఫోన్ ఏది చెప్తే అదే చూపించాలి కదా?

చింటూ007:
నన్నెందుకు సార్ మధ్యలోకి లాగుతారు :)

పాత రేడియో:
ఇది ఆసక్తిగా ఉంది. ఫోన్ వాచ్‌కి జోన్‌ని ఎలా చెప్తుందనేది యాప్‌ని బట్టి ఉంటుంది. బ్లూటూత్ ప్రమాణంలో ఉన్న పద్ధతిలో జోన్ పేరు పంపరు, UTCకి ఎంత తేడానో పావుగంటల్లో ఒక అంకె పంపుతారు. +05:30 అయితే 22, మీదైతే మైనస్ 24. ఎండాకాలం కలిపే గంట దానికి విడిగా పోతుంది. కొందరు తయారీదారులు ఈ పద్ధతి వాడరు, జోన్ పేరు పంపి, మిగతా లెక్క వాచ్‌కి వదిలేస్తారు. అప్పుడు వాచ్‌లో ఉన్న పట్టిక పాతదైతే, రద్దయిన గంటని అది ఇంకా కలుపుతూనే ఉంటుంది. ఫోన్ పట్టిక అప్‌డేట్‌లతో మారుతుంది, అప్‌డేట్లు ఆగిపోయిన వాచ్‌లో అలాగే ఉండిపోతుంది.

ఒక పరీక్ష. ఫోన్‌లో ఆటోమేటిక్ జోన్ ఆపి, చేత్తో కోస్టారికా పెట్టండి. అదీ మైనస్ 6 గంటలే, ఎండాకాలం మార్పు లేదు. బ్లూటూత్ ఆపి వేసి సింక్ చేయండి. వాచ్ సరిపోతే తప్పు వాచ్ పట్టికదే.

లక్ష్మీపతి:
చేశాను. ఫోన్ సరిగానే ఉంది. వాచ్ ఇంకా గంట ముందే.

పాత రేడియో:
ఇది నేను అనుకోలేదు. పేరు పంపే పద్ధతైతే సరిపోవాలి. బహుశా ఫోన్ మైనస్ 6 అనే అంకె మాత్రమే పంపుతోంది, వాచ్ తన జాబితాలో ఆ అంకె ఉన్న మొదటి ఊరిని పట్టుకుని, దాని ఎండాకాలం గంట కలిపేస్తోంది. మైనస్ 6లో ఆ గంట పాటించే ఊళ్లు అమెరికాలో ఇప్పటికీ ఉన్నాయి. లేదా యాప్‌లోనే ఏదో గంట అంటుకుని ఉంది. బయటినుంచి చూసి ఈ రెండిట్లో ఏదో చెప్పలేం.

దారిన పోయేవాడు:
తేదీతో ఆడుకుంటే తెలియదా? మీ దగ్గర పాత రూలు ఏప్రిల్ మొదటి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా. అమెరికాలో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా. ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపి, ఇంటర్నెట్ కూడా ఆపి, తేదీని మార్చి ఇరవైకి పెట్టి సింక్ చేయండి. ఆ రోజుల్లో వాచ్ గంట ముందుకెళ్తే అది పట్టుకున్నది అమెరికా ఊరిని. వెళ్లకపోతే మీ పాత రూలునే.

పాత రేడియో:
భలే ఆలోచన. ముందు వాచ్‌లో ఉన్న డేటా అంతా సింక్ చేసి పెట్టుకోండి, లేకపోతే ఈ రోజు అడుగులు మార్చిలోకి పోతాయి. అయ్యాక ఆటోమేటిక్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకండి, మొదటి పేజీలో కథంతా అక్కడే మొదలైంది.

లక్ష్మీపతి:
ఏప్రిల్‌లోనే మొదలవుతుందని నేను రాసింది గుర్తున్నంతవరకే, మార్చిలో వాచ్ పెట్టుకున్నానో లేదో కూడా చెప్పలేను. ఈ శనివారం తేదీ మార్చి చూసి రాస్తాను. ఇదే పాత వాచ్ వాడేవాళ్లు ఇంకెవరైనా ఉంటే మీ దగ్గర ఎలా ఉందో చెప్పండి.